పాత ల్యాప్‌టాప్‌కి ఇంటి వైఫై కనిపించకపోతే రౌటర్‌లో ముందు చూడాల్సిన చోటు

ప్రశ్న: పోయిన వారం కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాం. ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై బాగా వస్తోంది. నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం మా వైఫై పేరే కనిపించడం లేదు. పక్క ఫ్లాట్లవాళ్ళ పేర్లు నాలుగైదు కనిపిస్తున్నాయి. కనెక్షన్ ఇచ్చినతను "ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పోయింది, మార్పించుకోండి" అన్నాడు. నిజంగా కార్డే పోయిందా?

జవాబు:

కార్డు మార్పించకండి. పక్కవాళ్ళ పేర్లు కనిపిస్తున్నాయన్నారు కదా, కార్డు బతికే ఉందని చెప్పడానికి అదొక్కటి చాలు. పోయిన కార్డయితే పేర్ల పట్టిక ఖాళీగా ఉంటుంది, లేదా వైఫై గుర్తే రాదు. ఊళ్ళోవాళ్ళందరూ కనిపిస్తూ మన ఇల్లొక్కటే కనిపించకపోతే తేడా మన రౌటర్ దగ్గర ఉన్నట్టు. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మాత్రమే ప్రసారం చేస్తోందని, ఆ ల్యాప్‌టాప్‌కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసని నా అనుమానం. తొంభై పాళ్ళు అదే అయి ఉంటుంది.

వెనకటి ట్రాన్సిస్టర్ రేడియోలు గుర్తున్నాయా? మీడియం వేవ్ మాత్రమే ఉన్న సెట్టులో ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు శుభ్రంగా వచ్చేవి. ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాక ఆ సెట్టులో ఎంత ముల్లు తిప్పినా ఎఫ్ఎం దొరికేది కాదు. అలాగని రేడియో పాడైనట్టూ కాదు, స్టేషన్ మూతపడినట్టూ కాదు. ఆ సెట్టులో ఆ బ్యాండే లేదు, అంతే. వైఫైలోనూ ఇదే జరుగుతుంది. 2.4కి ఒక రేడియో, 5కి ఇంకో రేడియో ఉంటాయి. ఇప్పటి రౌటర్లలో రెండూ ఉంటాయి. పాత, చవక వస్తువుల్లో మొదటిదే ఉంటుంది. 5 బ్యాండ్‌ని వినే భాగమే లేని వస్తువుకి ఆ బ్యాండ్‌లో ఉన్న పేరు ఎప్పటికీ కనిపించదు. రౌటర్ పక్కనే తెచ్చిపెట్టినా, పది సార్లు రీస్టార్ట్ చేసినా, విండోస్ మళ్ళీ ఎక్కించినా ఫలితం ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. "పేరు కనిపించడం లేదు", "పేరు కనిపిస్తోంది కానీ కనెక్ట్ కావడం లేదు" అనేవి రెండు వేర్వేరు జబ్బులు. పేరు కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే అది బ్యాండ్ గొడవ కాదు, దాని సంగతి కింద చెబుతాను. మీది మొదటి రకం.

నా మాట మీద పోకుండా మీరే తేల్చుకోవచ్చు. ఆ ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ మెనూలో `cmd` అని టైప్ చేసి వచ్చిన నల్ల కిటికీలో ఇది కొట్టండి:

```
netsh wlan show drivers
```

వచ్చిన దాంట్లో `Radio types supported` అనే వరుస వెతకండి. దాని ఎదురుగా `802.11b 802.11g 802.11n` మాత్రమే ఉంటే అది 2.4 కార్డు. `802.11a` గానీ `802.11ac` గానీ ఉంటే 5 కూడా తెలిసిన కార్డు. ఇక్కడ చాలామంది పొరబడేది `n` దగ్గర. 2009లో వచ్చిన ఆ ప్రమాణం రెండు బ్యాండ్లలోనూ పనిచేస్తుంది కాబట్టి "ఎన్ ఉంది కదా, 5 కూడా వస్తుంది" అనుకుంటారు. కానీ ఖర్చు తగ్గించడానికి ఎన్‌ని 2.4కే పరిమితం చేసిన కార్డులు ఆ రోజుల్లో లెక్కలేనన్ని వచ్చాయి. అందుకే చూడాల్సింది `a` అనే అక్షరం. అది లేకపోతే 5 లేనట్టే. ప్రింటర్, స్మార్ట్ ప్లగ్గు లాంటి వాటికైతే అట్టపెట్టె మీదో వెనక స్టిక్కర్ మీదో ఇవే అక్షరాలు ఉంటాయి, లెక్క అదే.

రెండో కమాండ్ ఇంకా బాగా పట్టిస్తుంది. ముందు గడియారం పక్కనున్న వైఫై గుర్తు నొక్కి పేర్ల పట్టిక ఒకసారి తెరవండి, అప్పుడు కంప్యూటర్ చుట్టుపక్కల కొత్తగా వెతుకుతుంది. తర్వాత:

```
netsh wlan show networks mode=bssid
```

ప్రతి పేరు కింద `Channel` అని ఒక నంబరు వస్తుంది. నాన్నగారి ల్యాప్‌టాప్‌లో కనిపించే పక్కవాళ్ళందరివీ 1 నుంచి 13 లోపు నంబర్లే ఉంటాయి. అవి 2.4 బ్యాండ్ ఛానళ్ళు. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే అందులోనూ ఇదే కొట్టి మీ వైఫై పేరు కింద చూడండి. 36, 44, 149, 157 లాంటి పెద్ద నంబరు ఒక్కటే ఉండి, 13 లోపుది ఏదీ లేకపోతే ఇక సందేహం అక్కర్లేదు. మీ రౌటర్ 2.4లో నోరు విప్పడం లేదు. (కొత్త విండోస్ 11లో ఈ కమాండ్ లొకేషన్ అనుమతి అడగవచ్చు. సెట్టింగ్స్‌లో ఆన్ చేసి మళ్ళీ కొట్టండి.) కొత్త ల్యాప్‌టాప్ లేకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కనెక్ట్ అయిన వైఫై పేరు పక్కన గేర్ గుర్తు నొక్కితే ఫ్రీక్వెన్సీ 5 గిగాహెర్ట్జా, 2.4 గిగాహెర్ట్జా అన్నది కనిపిస్తుంది. ఫోనులో 5 అని ఉన్నంతమాత్రాన 2.4 ఆగిపోయిందని అర్థం కాదు, ఫోను రెండింటిలో మంచిదాన్ని ఎంచుకుని ఉండవచ్చు. అందుకే ల్యాప్‌టాప్ పరీక్ష మేలు.

ఇంకో తిరుగులేని పరీక్ష ఉంది, దానికి కమాండ్లేమీ అక్కర్లేదు. మీ ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, దాని సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4 అని పెట్టండి. ఐఫోన్ 12 గానీ ఆ తర్వాతిది గానీ అయితే హాట్‌స్పాట్ పేజీలో `Maximize Compatibility` అనేది ఆన్ చేస్తే అదే జరుగుతుంది. నాన్నగారి ల్యాప్‌టాప్‌లో ఫోను పేరు కనిపించి, కనెక్టయి, ఒక పేజీ తెరుచుకుంటే కార్డు మీద నిందలు కొట్టేసినట్టే. అదే హాట్‌స్పాట్‌ని 5కి మార్చి చూడండి, పేరు మాయమవుతుంది. కనెక్షన్ ఇచ్చినతను మళ్ళీ వస్తే ఇది చేసి చూపించండి. వాదన అక్కర్లేదు.

సరే, 2.4 ఎందుకు ఆగిపోయింది? రౌటర్ దానంతటది ఆపుకోవడం అరుదు. మామూలుగా బిగించినవాళ్ళే ఆపుతారు. నేను కాకినాడలో పదిహేనేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. కస్టమర్ 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటాడు. కనెక్షన్ పెట్టగానే ఫోనులో స్పీడ్ టెస్ట్ పెట్టమంటాడు. ఆ సమయంలో ఫోను 2.4 పట్టుకుని ఉంటే నలభయ్యో యాభయ్యో చూపిస్తుంది. "మూడు వందలకి డబ్బులు కట్టించుకుని నలభై ఇస్తారా" అని గొడవ. 2.4 ఆపేస్తే ఫోను చచ్చినట్టు 5లోకి వెళ్తుంది, సూది రెండు వందల డెబ్బై దగ్గర నిలుస్తుంది, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోవచ్చు. ఆ ఇంట్లో పాత వస్తువు ఉందా అని అడగడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఆ తేడాకి కారణం రేడియో పరిస్థితి. 2.4 బ్యాండ్ మొత్తం ఇరుకు సందు. ఒకదాన్నొకటి తాకకుండా పక్కపక్కన పట్టే ఛానళ్ళు మూడే ఉన్నాయి: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఉంటే ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడికే వస్తాయి. 5లో స్థలం చాలా ఎక్కువ, అందుకే అక్కడ రౌటర్ మామూలుగా 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడుకుంటుంది. 2.4లో 20 వాడితేనే మర్యాద. అయితే గోడ దాటడంలో 2.4దే పైచేయి. హాల్లో రౌటర్ పెడితే రెండు ఇటుక గోడల అవతల పడగ్గదిలో 5 బలహీనమైపోతుంది, 2.4 ఇంకా పనికొచ్చేలా ఉంటుంది. కాబట్టి 2.4 ఆన్‌లో ఉండటం నాన్నగారి ల్యాప్‌టాప్ ఒక్కదానికే కాదు, వెనక గదిలో మీ ఫోనుకీ మంచిదే.

ఇప్పుడు ఆన్ చేయడం. రౌటర్ కింద లేదా వెనక స్టిక్కర్ మీద ఒక అడ్రసు ఉంటుంది, ఎక్కువగా `192.168.1.1` గానీ `192.168.0.1` గానీ. పక్కనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఇవి వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ పేజీలోకి వెళ్ళడానికి. ఫోనుని మీ వైఫైకి కలిపి ఉంచి, మొబైల్ డేటా ఆపి, బ్రౌజర్‌లో ఆ అడ్రసు కొట్టండి. లోపల `WLAN` లేదా `Wireless` అనే మెనూ ఉంటుంది. అందులో `2.4G`, `5G` అని రెండు భాగాలు కనిపిస్తాయి. ఈ `5G` చూసి, ఫోన్లలో వచ్చే 5జీ సిమ్ సంగతేమో అనుకోకండి. అది వేరు, ఇది 5 గిగాహెర్ట్జ్ అని మాత్రమే. "మా ప్రాంతంలో 5జీ టవర్ లేదు, అందుకే రావడం లేదేమో" అని నన్ను అడిగినవాళ్ళున్నారు.

`2.4G` భాగంలో `Enable` ఎదురుగా టిక్ లేకపోవడం మీకు కనిపించాలి. టిక్ పెట్టే ముందు పైన `Smart Connect` గానీ `Band Steering` గానీ ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటుంది, 2.4 పేరు మార్చే వీలుండదు. దాన్ని ఆపేయమంటాను. ఆ పద్ధతిలో రౌటర్ వచ్చిన వస్తువుని 5 వైపు తోలడానికి 2.4లో మొదటి పిలుపులకి కావాలనే పలకదు. ఓపిక లేని పాత వస్తువు రెండు సార్లు పిలిచి ఊరుకుంటుంది. ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు, కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఆపేశాక 2.4కి వేరే పేరు పెట్టండి, ఉదాహరణకి `Illu-24`. ఖాళీలు, తెలుగు అక్షరాలు, బొమ్మలు పెట్టకండి, కొన్ని పాత వస్తువులు వాటిని సరిగా చదవలేవు. పేరు వేరుగా ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఫోన్లకి ఆ పేరు తెలియదు కాబట్టి అవి పాత పేరు మీద 5లోనే ఉంటాయి. స్పీడు తగ్గిందన్న గొడవ మళ్ళీ రాదు. ఛానల్ 1, 6, 11లలో ఒకటి పెట్టండి, ఇందాకటి కమాండ్‌లో పక్కవాళ్ళు తక్కువగా ఉన్న నంబరు ఏదో చూసి. వెడల్పు `20MHz`. మోడ్ `802.11b/g/n`. భద్రత `WPA2-PSK`, ఎన్‌క్రిప్షన్ `AES`. సేవ్ నొక్కి ఒక నిమిషం ఆగితే నాన్నగారి ల్యాప్‌టాప్‌లో కొత్త పేరు కనిపించాలి.

ఈ సెట్టింగ్స్ ఎందుకని అడగవచ్చు. మా పిన్నిగారింట్లో జరిగింది చెబితే అర్థమవుతుంది. ఆవిడ ఇంటి దగ్గరే దరఖాస్తులు, ప్రింటవుట్ల పని చేస్తుంది. కొత్త కనెక్షన్ వచ్చిన రోజు నుంచి ప్రింటర్‌కి వైఫై లేదు. నేను వెళ్ళి, పేరు కనిపించడం లేదని చూసి కూడా, ప్రింటర్‌ని రెండు సార్లు రీసెట్ చేశాను. గంట పోయింది. ఇన్నేళ్ళ అనుభవం అప్పుడు ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. చివరికి ప్రింటర్ వెనక `b/g/n` చదివి తల కొట్టుకుని రౌటర్ పేజీ తెరిస్తే 2.4 ఆపి ఉంది. ఆన్ చేశాను, పేరు వచ్చింది. పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ కాదు! అక్షరం అక్షరం మూడు సార్లు కొట్టాం. అసలు సంగతేమిటంటే ఆ రౌటర్‌లో భద్రత `WPA3` మాత్రమే అని పెట్టి ఉంది. ప్రింటర్‌కి అది తెలియదు. పాస్‌వర్డ్ తప్పన్నట్టు చెబుతుంది, పాస్‌వర్డ్ మాత్రం సరైనదే. `WPA2-PSK`కి మార్చగానే పది సెకన్లలో కలిసింది. పైన చెప్పిన రెండో జబ్బు ఇదే. 2006 మార్చి నుంచి కొత్త వస్తువుకి వైఫై ధ్రువీకరణ ముద్ర కావాలంటే `WPA2` తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి వస్తువు దేనికైనా అది సరిపోతుంది.

దీనికి తోడు, కొందరు పాత వస్తువు కదా అని `TKIP` లేదా `WPA/WPA2` కలగలుపు పెడతారు. అది చేయకండి. `TKIP` మీద కలిసిన ఎన్ కార్డు వేగం 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది, దాన్ని దాటదు. ల్యాప్‌టాప్ వైఫై వివరాల్లో 54 అని కనిపిస్తే ముందు ఈ సెట్టింగే చూడండి. `AES` మీద ఒక యాంటెన్నా కార్డయితే 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో 72 అని చూపిస్తుంది. నిజంగా చేతికి వచ్చేది అందులో సగం పైచిలుకు. నాన్నగారు యూట్యూబ్‌లో ప్రవచనాలు చూడటానికి, బ్యాంకు పనికి, వీడియో కాల్‌కి అది ఎక్కువే. ప్లాన్ మూడు వందలు కదా, ల్యాప్‌టాప్‌లో నలభై వస్తోందేమిటని మాత్రం అనుకోకండి. ఆ కార్డు ఇవ్వగలిగింది అంతే.

ప్రింటర్ ఒక పేరు మీద, ఫోన్ ఇంకో పేరు మీద ఉంటే ప్రింట్ వస్తుందా అని పిన్ని అడిగింది. వస్తుంది. రెండూ ఒకే రౌటర్ లోపలి నెట్‌వర్క్. పేరు రెండు గుమ్మాలు లాంటిది, లోపల ఇల్లు ఒకటే. గెస్ట్ నెట్‌వర్క్‌తో మాత్రం అలా కుదరదు. కొందరు ప్రింటర్ కోసం 2.4లో గెస్ట్ పేరు పెడతారు. గెస్ట్ అంటే మిగతా ఇంటికి కనపడకుండా గోడ కట్టడమే కాబట్టి ఫోనుకి ప్రింటర్ కనిపించదు. ఇంటర్నెట్ మాత్రమే కావాలనుకునే ల్యాప్‌టాప్‌కి అయితే గెస్ట్ పేరు కూడా నడుస్తుంది.

2.4 ఆన్ చేశాక కూడా ల్యాప్‌టాప్‌లో పేరు రాకపోతే మూడు చోట్ల చూడండి. మొదటిది ఛానల్. `Auto`లో ఉంచితే రౌటర్ ఒక్కోసారి 12 లేదా 13 ఎంచుకుంటుంది. మన దేశంలో అవి చెల్లుతాయి. కానీ అమెరికా అమరికలతో వచ్చిన పాత కార్డులు 11 దాటి వెతకవు. అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇది బలమైన అనుమానం. అందుకే 1, 6, 11 అని చేత్తో పెట్టమన్నాను. రెండోది `Hide SSID` లేదా `Broadcast SSID`, ఎస్ఎస్ఐడీ అంటే వైఫై పేరే. పేరు దాచి ఉంటే ఏ వస్తువుకీ పట్టికలో కనిపించదు. మూడోది కొంచెం విచిత్రమైనది. 2.4లో మోడ్ `802.11ax` కలిసి ఉంటే, పాత డ్రైవర్‌తో నడిచే కొన్ని ఇంటెల్ కార్డులకి ఆ నెట్‌వర్క్ పేరే కనిపించదు. ప్రసారం జరుగుతూనే ఉంటుంది, కార్డు వింటూనే ఉంటుంది, కానీ కొత్త రకం ప్రకటనని అర్థం చేసుకోలేక డ్రైవర్ దాన్ని పక్కన పడేస్తుంది. ఇంటెల్ వాళ్ళు డ్రైవర్ అప్‌డేట్‌తో దీన్ని సరిచేశారు. డ్రైవర్ మార్చే ఓపిక లేకపోతే రౌటర్‌లో 2.4 మోడ్‌ని `b/g/n`కి దించితే సరి. 5ని అలాగే `ax`లో వదిలేయండి, ఫోన్లకి అది కావాలి.

ఇక రౌటర్ పేజీలో 2.4 భాగమే కనిపించకపోతే? కొన్ని కంపెనీలు ఇచ్చే రౌటర్లలో కస్టమర్ లాగిన్‌కి కొన్ని మెనూలు దాచేస్తారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "వైఫై రావడం లేదు" అనకండి. అలా అంటే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. "2.4 గిగాహెర్ట్జ్ ఎస్ఎస్ఐడీ ఎనేబుల్ చేయండి, డబ్ల్యూపీఏ2 పెట్టండి" అని ఈ మాటలే చెప్పండి. చాలాచోట్ల వాళ్ళు ఆఫీసు నుంచే మార్చగలరు. ఎనేబుల్ చేసినా ఏ ఫోనుకీ ఆ పేరు కనిపించకపోతే ఆ రేడియో పాడైనట్టు. అప్పుడు రౌటరే మార్చమనండి.

వాళ్ళు కదలకపోతే ఇంట్లో మూలన పడేసిన పాత రౌటర్ ఉందా? చాలా ఇళ్ళలో ఉంటుంది, అటక మీద. దాన్ని 2.4 స్టేషన్‌గా వాడుకోవచ్చు. ముందు దాన్ని ఒంటరిగా కంప్యూటర్‌కి కలిపి, దాని పేజీలో వైఫై పేరు, `WPA2` పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత లాన్ అడ్రసుని మీ ఫైబర్ రౌటర్‌కి దగ్గరగా, కానీ వేరుగా ఉండేలా మార్చండి. పెద్దది `192.168.1.1` అయితే దీన్ని `192.168.1.2` చేయండి. ఆఖరున, ఇంట్లో వస్తువులకి అడ్రసులు పంచే `DHCP`ని ఆపండి. ఇప్పుడు పెద్ద రౌటర్ లాన్ పోర్టు నుంచి దీని లాన్ పోర్టుకి కేబుల్ వేయండి. రంగు వేరుగా ఉండే వాన్ పోర్టుని ఖాళీగా వదిలేయండి. `DHCP` ఆపడం మరచిపోతే ఇంట్లో అడ్రసులు పంచేవాళ్ళు ఇద్దరవుతారు. ఒక ఫోనుకి నెట్ వస్తుంది, ఇంకోదానికి కనెక్ట్ అయినా నెట్ రాదు, గంట తర్వాత తారుమారవుతుంది. అలా జరిగితే ఇంకెక్కడా వెతకకండి, కారణం అదే.

రౌటర్ దగ్గరే ల్యాప్‌టాప్ పెట్టుకునే వీలుంటే వీటన్నిటికంటే తేలిక లాన్ కేబులే. పాత ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు ఉంటుంది, వైఫై కంటే వేగంగా, నిలకడగా నడుస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టి తీరాలనుకుంటే లోపలి కార్డు జోలికి పోకండి. కొన్ని పాత మోడళ్ళు కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే ఆన్ కాకుండా మొరాయిస్తాయి. యూఎస్‌బీ వైఫై డాంగిల్ వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతుంది. కొట్టువాడు చిటికెన వేలి గోరంత ఉన్న 150 లేదా 300 ఎంబీపీఎస్ ఎన్ డాంగిల్ చేతిలో పెడితే తీసుకోకండి. అది కూడా 2.4దే, తెచ్చిపెట్టాక కథ మళ్ళీ మొదటికి వస్తుంది. పెట్టె మీద "డ్యూయల్ బ్యాండ్", `AC` అన్న రెండు మాటలూ ఉండాలి. విండోస్ 7 నడుస్తుంటే దానికి డ్రైవర్ ఇస్తున్నారో లేదో కొనేముందే అడగండి.

ఒక చివరి జాగ్రత్త. రేపు ఏదో ఫిర్యాదు మీద ఎవరైనా వచ్చి రౌటర్‌ని రీసెట్ చేస్తే `Illu-24` పోతుంది, ల్యాప్‌టాప్‌కి మళ్ళీ ఇదే పరిస్థితి వస్తుంది. 2.4 పేజీ సెట్టింగ్స్‌ని ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. వచ్చినతనికి, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, 2.4 ఆపవద్దు అని ముందే చెప్పండి.

మొదటి కమాండ్‌లో `Radio types supported` ఎదురుగా మీకు `802.11a` కూడా కనిపిస్తే మాత్రం నా అనుమానం తప్పు. ఆ ల్యాప్‌టాప్‌కి 5 తెలుసు, కానీ మీ రౌటర్ వాడుతున్న ఛానల్ దానికి పడకపోతూ ఉండవచ్చు. అప్పుడు రౌటర్ పేజీలో 5 ఛానల్‌ని 36కి మార్చి చూడండి. అప్పటికీ పేరు రాకపోతే రెండు కమాండ్లలో ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి, చూసి చెబుతాను.